పాత దస్తావేజులు ఫోనుతో స్కాన్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు అమ్మకానికి పెట్టినా, బ్యాంకు లోనుకు వెళ్లినా, అమెరికాలో ఉన్న తమ్ముడు పొలం కాగితాలు ఒకసారి చూస్తానన్నా ముందు అడిగేది లింకు డాక్యుమెంట్ల స్కాన్ కాపీలే. అవేమో బీరువా అడుగున నాలుగు మడతల్లో ఉంటాయి. చేతిరాత, వెలిసిన సిరా, ఊదారంగు రబ్బరు స్టాంపులు, వేలిముద్రలు, వెనుక పేజీ రాత ముందుకు ఊరడం, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. వీటిని ఫోనుతో శుభ్రంగా స్కాన్ చేయగలిగితే మార్కుల మెమోలు, కరెంటు బిల్లుల్లాంటివి ఇంకా తేలిక. అందుకే ఈ పేజీలో ఎక్కువ మాటలు దస్తావేజుల గురించే.

## స్కానింగ్ యాప్ అన్నీ సరిచేస్తుంది కదా, ఫోటో ఎలా తీస్తే ఏం?

యాప్ బాగా సరిచేసేది ఆకారాన్ని. కాగితం నాలుగు మూలలు గుర్తుపట్టి, వంకరగా పడిన చతుర్భుజాన్ని తిన్నని దీర్ఘచతురస్రంగా సాగదీస్తుంది. పలచటి నీడ ఉంటే కొంతవరకు తెల్లగా చేస్తుంది. అంతకు మించి ఆశపడొద్దు. చెయ్యి వణికి అలికిన అక్షరం, మెరుపు కింద తెల్లబారిన సంతకం, దూరం నుంచి తీయడం వల్ల అసలు నమోదే కాని సన్నని గీత, వీటిని ఏ యాపూ తిరిగి తేలేదు. "షార్ప్" అని కనిపించే బటన్ నొక్కితే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వస్తుందే కానీ పోయిన గీత రాదు.

అందుకని వెలుతురు, కదలకుండా పట్టుకోవడం, దూరం, ఈ మూడూ ఫోటో తీసేటప్పుడే కుదరాలి. మూలల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

## ఎక్కడ, ఏ వెలుతురులో తీయాలి?

పగలు, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట. బల్లను కిటికీకి ఆనించి, వెలుతురు కాగితం మీద పక్కనుంచి పడేలా పెట్టండి. కిటికీ మీ వెనుక ఉంటే మీ నీడ కాగితం మీదే పడుతుంది. ఎదురుగా ఉంటే నున్నటి కాగితం మెరుస్తుంది. పక్కనుంచి వస్తే ఈ రెండు బాధలూ ఉండవు.

ఒక్క పక్కనుంచే వెలుతురు వస్తే కిటికీకి దూరంగా ఉన్న అంచు కాస్త చీకటిగా ఉంటుంది. ఆ వైపు ఒక తెల్ల థర్మకోల్ షీటునో, తెల్ల చార్టు అంటించిన అట్టనో నిలబెట్టండి. కిటికీ వెలుతురు దాని మీద పడి తిరిగి కాగితం మీదకు వస్తుంది. ఖర్చు ముప్పయ్యో నలభయ్యో రూపాయలు, తేడా మాత్రం కంటికి కనిపించేంత ఉంటుంది.

గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి. నెత్తి మీద లైటు వెలుగుతుంటే ఫోను నీడ సరిగ్గా కాగితం మధ్యలో పడుతుంది. పైగా కిటికీ వెలుతురు ఒక రంగు, బల్బు వెలుతురు ఒక రంగు కావడంతో ఒక అంచు నీలంగా, ఇంకో అంచు పచ్చగా తేలుతుంది. ఫోను ఫ్లాష్ అసలే వద్దు. మధ్యలో తెల్లటి మచ్చ పడి, అంచులు నల్లబడతాయి.

రాత్రే తీయాల్సి వస్తే ఒకే రకం టేబుల్ లాంపులు రెండు, కాగితానికి చెరో పక్క, సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టండి. మ్యూజియంలలో, లైబ్రరీల్లో పాత పత్రాలను ఫోటో తీసే పద్ధతి కూడా ఇదే. స్క్రీన్ మీద అడ్డంగా నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తే అది ఎల్ఈడీ మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కన్ను పట్టుకోలేకపోయినా కెమెరా పట్టేస్తుంది. బల్బు మార్చడమో, తెల్లారేదాకా ఆగడమో తప్ప యాప్‌లో దీనికి మందు లేదు.

## మడతల దగ్గర నల్లటి గీతలు పడుతున్నాయి. ఇస్త్రీ చేయొచ్చా?

వద్దు. పాత కాగితం వేడికి పెళుసెక్కుతుంది, కొన్ని స్టాంపుల సిరా కూడా చెదురుతుంది. ముందురోజు రాత్రి మడతలు విప్పి, పైనా కిందా ఒక్కో తెల్ల కాగితం పెట్టి, బరువైన పుస్తకాల కింద ఉంచండి. మడత పూర్తిగా పోదు కానీ గట్టులా లేచి ఉండదు.

ఇక నల్ల గీత ఎందుకు వస్తుందంటే, వెలుతురు మడతకు అడ్డంగా పడినప్పుడు గట్టుకు అవతలి వైపు నీడ పడుతుంది. మడత వెంబడి, అంటే దానికి సమాంతరంగా వెలుతురు వస్తే నీడ పడదు. కాబట్టి కాగితాన్ని కిటికీ దగ్గర ఒకసారి పావు చుట్టు తిప్పి చూడండి. లోతైన మడత ఏదో దాని వెంబడి వెలుతురు వచ్చేలా పెట్టుకుంటే చాలు, రెండో దిశలో ఉన్న మడతల సంగతి ఎదుటి థర్మకోల్ షీటు చూసుకుంటుంది.

చిరిగిన చోట సెలోటేపు అంటించి స్కాన్ చేయాలనిపిస్తుంది. అది మెరుస్తుంది, కొన్నేళ్లకు పచ్చబడి కాగితాన్ని పట్టుకుని ఊడి వస్తుంది. ముక్కల్ని దగ్గరకు జరిపి ఫోటో తీస్తే సరిపోతుంది.

## వెనుక పేజీ రాత ముందుకు కనిపిస్తోంది. ఏం చేయాలి?

కాగితం కింద నల్ల చార్టు పేపరు పెట్టండి. కింద తెల్లటిది ఉంటే వెలుతురు కాగితంలోంచి దిగి, అడుగున తగిలి తిరిగొస్తూ వెనుక రాతను పైకి చూపిస్తుంది. కింద నల్లగా ఉంటే ఆ వెలుతురు అక్కడే ఆగిపోతుంది. కాగితం మొత్తంగా కాస్త ముదురుగా కనిపిస్తుంది, దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు. వెనుక రాత మాత్రం బాగా తగ్గుతుంది.

దీనితో ఇంకో లాభం కూడా ఉంది. తెల్ల దుప్పటి మీద తెల్ల కాగితం పెడితే యాప్‌కు అంచు ఎక్కడుందో తెలియక మూలలు ఎక్కడెక్కడో పెడుతుంది. నల్ల చార్టు మీద పెడితే దాదాపు ప్రతిసారీ సరిగ్గా పట్టుకుంటుంది.

## ఫోను ఎంత ఎత్తులో పట్టుకోవాలి?

మామూలు 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 × 3000 పిక్సెళ్లు. చాలా ఫోన్ల మెయిన్ కెమెరా 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే, ఫ్రేము పొడవు దిశలో సుమారు 40 సెంటీమీటర్లు, అంటే దాదాపు 16 అంగుళాలు పడుతుంది. 4000ను 16తో భాగిస్తే అంగుళానికి 250 పిక్సెళ్లు. దీన్నే 250 డీపీఐ అంటాం. అదే 40 సెంటీమీటర్ల ఎత్తుకు వెళితే 190 దాకా పడిపోతుంది. ఏ4 కాగితానికీ, 14 అంగుళాల పొడవుండే లీగల్ సైజు కాగితానికీ 30 సెంటీమీటర్లు సరిగ్గా కుదిరే ఎత్తు. చుట్టూ కాస్త నల్ల అంచు కూడా కనిపిస్తుంది.

కొలిచే పని లేకుండా ఒక ఉపాయం ఉంది. బల్ల ముందు కూర్చుని, కాగితానికి చెరో పక్క రెండు మోచేతులూ బల్లకు ఆనించి, ఫోనును రెండు చేతులతో అడ్డంగా పట్టుకోండి. పెద్దవాళ్ల చేతులకు ఫోను 30 సెంటీమీటర్ల చుట్టుపక్కలే నిలుస్తుంది, వణుకూ తగ్గుతుంది. కాగితాన్ని కూడా అడ్డంగా తిప్పి పెట్టుకోవాలి, లేకపోతే పొడవు ఫ్రేములో పట్టదు. బటన్ నొక్కినప్పుడు ఫోను కదులుతుంది కాబట్టి 3 సెకన్ల టైమర్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

మరీ దగ్గరకు వెళ్లొద్దు. ఈ మధ్య పెద్ద సెన్సరున్న ఫోన్లు దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయలేక, చెప్పకుండానే అల్ట్రా వైడ్ కెమెరాకు మారిపోతాయి. స్క్రీన్ మీద బొమ్మ ఒక్కసారి గెంతినట్టు కదిలితే అదే జరిగిందని గుర్తు. అలా తీస్తే అంచుల్లో అక్షరాలు సాగి, మెత్తబడి వస్తాయి.

## సరిగ్గా పైనుంచే తీయాలా? పక్కకు వంచి తీసినా యాప్ తిన్నగా చేస్తుంది కదా.

తిన్నగా చేస్తుంది, కానీ లేని పిక్సెళ్లను పుట్టించదు. ఇందాకటి 30 సెంటీమీటర్ల ఎత్తునే తీసుకుందాం. ఏ4 కాగితాన్ని 30 డిగ్రీలు వాల్చి తీశామనుకోండి. మీకు దగ్గరున్న అంచు కెమెరాకు 22 సెంటీమీటర్లలో, దూరపు అంచు 37 సెంటీమీటర్లలో ఉంటుంది. దగ్గరి అంచులో అంగుళానికి 330 పిక్సెళ్లు పడితే, దూరపు అంచులో అడ్డంగా 200, నిలువు దిశలో 140 మాత్రమే పడతాయి. యాప్ ఆ 140ను సాగదీసి మిగతా పేజీతో సమానం చేస్తుంది. చూడ్డానికి కాగితం చక్కగా ఉంటుంది, పై నాలుగు వరుసలు మాత్రం మసకగా ఉంటాయి. ఫోకస్ కూడా మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ మసక రెట్టింపవుతుంది. స్కాన్‌లో ఒక అంచు బాగుండి ఎదుటి అంచు అలికినట్టుంటే కారణం ఇదే.

పది డిగ్రీల వాలు అయితే ఏ ఇబ్బందీ లేదు. అప్పుడు దూరపు అంచులో 200కు పైనే ఉంటాయి. ఫోను నీడ తప్పించుకోవడానికి ఆ మాత్రం వాల్చుకోవచ్చు, మూలలు యాప్ చూసుకుంటుంది. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో లెవెల్ ఆన్ చేసుకుంటే, ఫోను నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు రెండు ప్లస్ గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆండ్రాయిడ్‌లో కొన్ని ఫోన్లకే ఈ వసతి ఉంది.

## మూలలు సరిగ్గా పెట్టినా వరుసలు వంపు తిరుగుతున్నాయి. ఎందుకు?

మూలల సర్దుబాటు కాగితం చదునుగా ఉందన్న లెక్కతో పని చేస్తుంది. కాగితం ఉబ్బి ఉన్నా, పాసుపుస్తకం నడుమ కుట్టు దగ్గర లోపలికి వంగినా ఆ లెక్క తప్పుతుంది. కాగితాన్ని చదును చేయడమే దీనికి మార్గం. పాసుపుస్తకమైతే రెండు పేజీలు ఒకేసారి తీయకండి. తీయని సగాన్ని పైకి నిలబెట్టి ఎవరినైనా పట్టుకోమని, ఇటు పేజీ ఒక్కటే చదునుగా ఉంచి తీయండి.

మూలలను చేత్తో జరిపేటప్పుడు కాగితం మూల చిరిగిపోయి ఉంటే, చిరిగిన చోట కాకుండా, రెండు అంచులూ పొడిగిస్తే కలిసే చోట చుక్క పెట్టాలి. అప్పుడే కాగితం తిన్నగా వస్తుంది.

## ఎంత డీపీఐ ఉండాలి? తెలుగు కాగితాలకు వేరే లెక్క ఉందా?

ఉంది. ఇంగ్లీషు టైపు కాగితం 150 డీపీఐలో కూడా సుఖంగా చదవొచ్చు. తెలుగులో ఒత్తులు, గుడి, గుడిదీర్ఘం ఉన్నాయి. మామూలు అచ్చులో అక్షరం ఎత్తు 2 మిల్లీమీటర్లు, కింద ఒత్తు అందులో సగం అనుకుందాం. 100 డీపీఐలో అక్షరానికి 8 పిక్సెళ్లు, ఒత్తుకు 4 వస్తాయి. నాలుగు పిక్సెళ్లలో అది ణ ఒత్తో న ఒత్తో ఊహించుకోవాల్సిందే. 200లో ఒత్తుకు 8 వస్తాయి, చదవొచ్చు. 300లో 12 వస్తాయి, అప్పుడు గుడికీ గుడిదీర్ఘానికీ తేడా నిశ్చింతగా తెలుస్తుంది. తర్వాత ఆ స్కాన్ నుంచి అక్షరాలు టైపుగా రాబట్టాలనుకుంటే 300 దగ్గరుండాలి. టెసెరాక్ట్ లాంటి ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు కూడా 300 డీపీఐయే సిఫారసు.

ఇక్కడ గమనించాల్సింది, కొన్ని యాప్‌ల సెట్టింగుల్లో "300 డీపీఐ" అని ఎంచుకునే వీలుంటుంది. తీసిన ఫోటోలో 190 మాత్రమే ఉంటే ఆ సెట్టింగు ఫైలును పెద్దది చేస్తుంది, వివరాన్ని కాదు. అసలు లెక్క ఫోటోలో కాగితం ఆక్రమించిన పిక్సెళ్లే. కాగితం పొడవు వైపు ఎన్ని పిక్సెళ్లున్నాయో చూసి అంగుళాలతో భాగించండి. ఏ4కు 3500 ఉంటే 300 డీపీఐ, 2340 ఉంటే 200.

## 50 మెగాపిక్సెల్ మోడ్ వాడితే మంచిదా?

మంచి వెలుతురులో, పెద్ద కాగితానికి అయితే కాస్త లాభమే. ఇలాంటి సెన్సర్లు మామూలుగా నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తాయి. పూర్తి మోడ్‌లో విడివిడిగా వాడతాయి. వెలుతురు తక్కువైతే మాత్రం గరుకు పెరిగి, దాన్ని తుడిచే ప్రయత్నంలో ఫోను సన్నని గీతల్ని కూడా తుడిచేస్తుంది. లీగల్ సైజు దస్తావేజును అంతకంటే వివరంగా కావాలంటే, పై సగం ఒకటి, కింది సగం ఒకటి విడిగా తీసి, మొత్తం పేజీ ఫోటో కూడా జత చేయడం నాకు నమ్మకమైన దారి.

## బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేస్తే కాగితం తెల్లగా, అక్షరం నల్లగా భలే ఉంటుంది కదా?

జిరాక్సులా కనిపిస్తుందని అందరికీ అదే ఇష్టం. దస్తావేజులకు మాత్రం ఇది చేసినంత హాని వంకర ఫోటో కూడా చేయదు. ఈ ఫిల్టర్ ప్రతి పిక్సెల్‌నూ "నలుపా, తెలుపా" అని తేల్చేస్తుంది. వెలిసిన నీలి సిరా, ఊదారంగు ముద్ర, పెన్సిల్ గుర్తు, పలచని వేలిముద్ర, ఇవన్నీ తెలుపు వైపు పడి మాయమవుతాయి. మడత నీడ నలుపు వైపు పడి గీతవుతుంది. రబ్బరు స్టాంపు సంతకం మీద పడితే రెండూ కలిసి ఒకే నల్లముద్ద అవుతాయి. రంగులో ఉంటే ఏది సంతకం, ఏది స్టాంపు అని కన్ను ఇట్టే విడదీస్తుంది.

అసలు ప్రతిగా ఎప్పుడూ రంగుల్లోనే దాచండి. కొత్త లేజర్ ప్రింటు, స్టాంపులు లేని అఫిడవిట్ ముసాయిదా లాంటి వాటికి బ్లాక్ అండ్ వైట్ బాగుంటుంది, ఫైలు కూడా చాలా చిన్నది.

## ఒక దస్తావేజు మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో చెప్పండి.

ఎనభైలనాటి విక్రయ దస్తావేజు, చేతిరాత, మూడు స్టాంపు పేపర్లు అనుకుందాం. ముందురోజు రాత్రి పుస్తకాల కింద పెట్టారు. ఉదయం పది గంటలకు కిటికీ పక్క బల్ల మీద నల్ల చార్టు, ఎదుటి వైపు థర్మకోల్ సిద్ధం చేసుకున్నారు. కెమెరా లెన్స్‌ను మెత్తటి కాటన్ గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు వల్ల వచ్చే పొగమంచును చాలామంది ఫోను పాతబడిందనుకుంటారు.

నేరుగా స్కాన్ యాప్‌లో కాకుండా, ఫోను సొంత కెమెరాతో 1x లోనే ఫోటోలు తీయండి. అప్పుడు అసలు ఫోటోలు మీ దగ్గరే ఉంటాయి, తర్వాత ఎన్నిసార్లైనా మూలలు, రంగు మార్చుకోవచ్చు. మధ్య వరుసలో ఒక అక్షరం మీద తాకి ఫోకస్ చేయండి. కాగితం మరీ తెల్లగా పేలిపోతుంటే వెలుతురు స్లైడర్ కాస్త తగ్గించండి.

మూడు కాగితాలకు ఆరు ఫోటోలు కావాలి. వెనుకవైపు ఖాళీగా ఉందని చాలామంది వదిలేస్తారు. స్టాంపు వెండరు రాసిన నంబరు, తేదీ, కొన్నవారి పేరు సాధారణంగా ఆ వెనుకే ఉంటాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎండార్స్‌మెంటు, వేలిముద్రలు కూడా తరచుగా అక్కడే ఉంటాయి. లాయరు ముందు చూసేది వాటినే.

తీసిన వెంటనే, కాగితం ఇంకా బల్ల మీద ఉండగానే, ప్రతి ఫోటోనూ పెద్దది చేసి చూడండి. నాలుగు మూలల్లో నాలుగు అక్షరాలు, తర్వాత దస్తావేజు నంబరు, తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, షెడ్యూలులో హద్దులు. చేతిరాతలో 1, 7 ఒకేలా ఉంటాయి కాబట్టి సర్వే నంబరు దగ్గర అనుమానమొస్తే ఆ ముక్క ఒక్కటే 20 సెంటీమీటర్ల నుంచి ఇంకో ఫోటో తీయండి.

అప్పుడు ఆరింటినీ స్కాన్ యాప్‌లో తెరిచి, మూలలు సర్ది, రంగు మోడ్‌లో ఒకే పీడీఎఫ్ చేయండి. ముందు, వెనుక, ముందు, వెనుక వరుసలో ఉండాలి. 250 డీపీఐలో పేజీకి ఒకటిన్నర నుంచి రెండున్నర ఎంబీ దాకా వస్తుంది, మొత్తం పది, పదిహేను ఎంబీ. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా జత చేయొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

## దరఖాస్తు పోర్టల్ 200 కేబీ లోపే ఉండాలంటోంది. ఎలా తగ్గించాలి?

ముందు పిక్సెళ్లు తగ్గించాలి, ఆ తర్వాతే క్వాలిటీ. 12 మెగాపిక్సెల్ ఫోటోను అలాగే ఉంచి 200 కేబీకి నొక్కితే అక్షరాల చుట్టూ ఈగలు ముసిరినట్టు చుక్కలు వస్తాయి. ఏ4 మార్కుల మెమో అయితే బయటి అంచులు కత్తిరించి, 1240 × 1754 పిక్సెళ్లకు తగ్గించండి. అంటే 150 డీపీఐ. పోర్టల్ రంగు అడగకపోతే గ్రేస్కేల్ చేసి, జేపీఈజీ క్వాలిటీ 60 దగ్గర పెడితే 200 కేబీ చుట్టుపక్కలకు వస్తుంది. ఇంకా ఎక్కువుంటే క్వాలిటీని కొంచెం కొంచెంగా దించండి. ప్రతిసారీ అసలు ఫోటో నుంచే మొదలుపెట్టాలి. తగ్గించినదాన్ని మళ్లీ తగ్గిస్తే పాత మచ్చల మీద కొత్త మచ్చలు చేరతాయి.

అసలు ఆ మెమో డిజిలాకర్‌లో దొరుకుతుందేమో ముందు చూడండి. దొరికితే స్కాన్ పనే లేదు.

## లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు మెరుస్తోంది.

అద్దంలా పని చేసే ఉపరితలం కాబట్టి, వెలుతురు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో ఎదుటికి వెళుతుంది. ఆ దారిలో కెమెరా ఉండకపోతే చాలు. ఫోనును అలాగే ఉంచి కాగితాన్ని కిటికీ నుంచి కాస్త దూరం జరుపుతూ స్క్రీన్ చూడండి, మెరుపు పక్కకు తప్పుకునే చోటు ఒకటి దొరుకుతుంది. ఫోను, మీ చొక్కా ప్రతిబింబం కనిపిస్తుంటే ముదురు రంగు బట్టలు వేసుకోండి.

## ఏ యాప్ వాడాలి?

ఐఫోన్‌లో నోట్స్ యాప్‌లోని `Scan Documents`, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ బటన్ చాలామందికి సరిపోతాయి. ముందే తీసిన ఫోటోలను నోట్స్ స్కానర్ తెరవదు, పైన చెప్పిన దస్తావేజు పద్ధతికి గ్యాలరీ ఫోటోలు తీసుకునే యాప్ కావాలి. ఆస్తి కాగితాలను పేరు తెలియని ఉచిత యాప్‌కు అప్పగించొద్దు, వాటిలో కొన్ని ఫోటోలను తమ సర్వర్‌కు పంపుతాయి. ఒకప్పుడు ఇంటింటా ఉన్న క్యామ్‌స్కానర్‌ను 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 58 ఇతర యాప్‌లతో పాటు నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది.

## ఈ స్కాన్ కాపీ ఒరిజినల్‌కు బదులు చెల్లుతుందా?

చెల్లదు. పరిశీలనకు, లాయరుకు చూపించడానికి, ఇంట్లో దాచుకోవడానికి పనికొస్తుంది. ఒరిజినల్ పోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేసుకోవాలి. అప్పుడు దస్తావేజు నంబరు, సంవత్సరం కావాలి కాబట్టి మీ స్కాన్‌లో అవి స్పష్టంగా ఉంటే పని త్వరగా అవుతుంది.

## వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు మసకగా వెళ్లింది. నా స్కాన్ బాగానే ఉందే?

ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. మామూలు క్వాలిటీలో పొడవు వైపు 1600 పిక్సెళ్ల చుట్టుపక్కలకు వస్తుంది. 14 అంగుళాల దస్తావేజుకు అది 115 డీపీఐ కూడా కాదు, ఒత్తులు పోతాయి. అటాచ్ గుర్తు నొక్కి `Document` ఎంచుకుని పీడీఎఫ్ పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ముందుకు పంపితే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి, ఫైలునే ఫార్వర్డ్ చేయమని ఒక మాట చెప్పండి.